పాత విధానమా, కొత్త విధానమా: జీతం స్లిప్ ముందు పెట్టుకుని ఏడాది ఇన్‌కం టాక్స్ లెక్క వేసుకోవడం

జనవరిలో ఒక ఆదివారం మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఆఫీసులో ప్రూఫులు పెట్టమంటున్నారు. నాకు హెచ్‌ఆర్‌ఏ ఉంది, పీఎఫ్ ఉంది, ఎల్‌ఐసీ ఉంది, అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ కడుతున్నాను. ఇన్ని ఉన్నాక పాత విధానమే లాభం కదా?" అన్నాడు. ఇన్‌కం టాక్స్‌కు రెండు విధానాలున్నాయి, మినహాయింపులు ఎక్కువగా ఉండే పాతది, అవి దాదాపు లేకుండా రేట్లు తక్కువగా ఉండే కొత్తది, ఏది కావాలో మనమే ఎంచుకోవాలి. లెక్క వేశావా అని అడిగితే లేదన్నాడు. ఆ రోజు సాయంత్రం ఇద్దరం కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చుంటే గంటలో తేలిపోయింది. ఆ గంటలో చేసిన పనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. లెక్క సులువుగా కనపడటానికి అతని అంకెలను కాస్త గుండ్రం చేశాను.

ఇది 2025-26 ఆర్థిక సంవత్సరానికి, అంటే 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి వేసిన లెక్క. అరవై ఏళ్ల లోపు వయసుండి, జీతం మీద బతికే మనిషికి సరిపోతుంది. వ్యాపారం ఉన్నవాళ్లకు, ఆదాయం 50 లక్షలు దాటి సర్‌ఛార్జి పడేవాళ్లకు ఇది చాలదు. షేర్లు, ఫండ్లు అమ్మితే వచ్చే లాభానికి వేరే రేట్లు ఉంటాయి కాబట్టి దాన్ని ఈ స్లాబుల్లో కలపకూడదు.

మొదట సీటీసీని పక్కన పెట్టండి

మా వాడు ఫోన్‌లో చెప్పిన మొదటి అంకె 16.21 లక్షలు. అది సీటీసీ, అంటే కంపెనీ అతని మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఆఫర్ లెటర్‌లో అంతే ఉంటుంది మరి. కానీ అందులో కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే సొమ్ము కూడా కలిసి ఉంటాయి. ఆ రెండూ ఈ ఏడాది మన చేతికి వచ్చే జీతం కాదు, మామూలు పరిధిలో ఉన్నంతవరకు వాటి మీద ఈ ఏడాది టాక్స్ కూడా పడదు. కాబట్టి లెక్క మొదలుపెట్టాల్సింది నెలవారీ పేస్లిప్‌లో 'గ్రాస్ ఎర్నింగ్స్' అనే వరస నుంచి. చేతికొచ్చే నెట్ జీతం నుంచి మొదలుపెట్టినా తప్పే, ఎందుకంటే అందులో మన పీఎఫ్, టీడీఎస్ అప్పటికే కోసేసి ఉంటాయి.

అతని పేస్లిప్ ఇలా ఉంది. బేసిక్ 60,000, హెచ్‌ఆర్‌ఏ 24,000, స్పెషల్ అలవెన్స్ 41,000. మొత్తం నెలకు 1,25,000, ఏడాదికి 15,00,000. ఇందులోంచి తన వాటా పీఎఫ్ నెలకు 7,200, ప్రొఫెషనల్ టాక్స్ 200 కోసుకుంటారు. మధ్యలో ఇంక్రిమెంట్ వచ్చినా, బోనస్ పడినా ఒక నెల స్లిప్‌ను పన్నెండుతో గుణిస్తే సరిపోదు. వచ్చిన నెలలవి వచ్చినట్టే కూడి, రాబోయే నెలలవి అంచనా వేసి కలపాలి.

తర్వాత ఇంకే ఆదాయం ఉందని అడిగాను. "ఏమీ లేదు బావా" అన్నాడు. బ్యాంకు యాప్ తెరిచి చూస్తే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏడాదికి 24,000, సేవింగ్స్ ఖాతాలో 6,000 వడ్డీ కనపడింది. చాలామంది మరిచిపోయేది ఇదే. బ్యాంకు టీడీఎస్ కోయలేదంటే దాని మీద టాక్స్ లేదని అర్థం కాదు. ఒక బ్యాంకులో డిపాజిట్ల వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే కోస్తారు, అంతకు తక్కువైతే మనమే లెక్కలో చూపించుకోవాలి. ఇన్‌కం టాక్స్ పోర్టల్‌లో మన ఆదాయాల చిట్టా అయిన ఏఐఎస్ తెరిస్తే ఆ వడ్డీలన్నీ అక్కడ కనపడతాయి. మనకు తెలియకపోయినా వాళ్లకు తెలుసన్నమాట.

కొత్త విధానం: ముందు సులువైన లెక్క

కొత్త విధానంతో మొదలుపెట్టమనడానికి ఒక కారణం ఉంది. ఇందులో తీసివేతలు దాదాపు ఉండవు కాబట్టి ఐదు నిమిషాల్లో అంకె వచ్చేస్తుంది. ఆ తర్వాత పాత విధానం ఆ అంకెను ఓడించగలదా అని చూస్తే చాలు.

జీతం 15,00,000 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 14,25,000. దానికి వడ్డీ 30,000 కలిపితే 14,55,000. ఇంటద్దె, ఎల్‌ఐసీ, సొంత వాటా పీఎఫ్, హెల్త్ పాలసీ, ప్రొఫెషనల్ టాక్స్ ఏవీ ఇక్కడ పనికిరావు. జీతగాళ్లకు మిగిలిన పెద్ద మినహాయింపు ఒకటే, కంపెనీ మన తరఫున ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకంలో కట్టే వాటా. దాని సంగతి తర్వాత చెబుతాను.

స్లాబులు 4 లక్షల చొప్పున మెట్లుగా ఉంటాయి. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30 శాతం. 14,55,000 మీద ఇలా పడుతుంది. రెండో మెట్టు మీద 20,000. మూడో మెట్టు మీద 40,000. 12 లక్షలు దాటిన 2,55,000 మీద 15 శాతం, అంటే 38,250. మొత్తం 98,250. దీనిపై 4 శాతం సెస్ 3,930 కలిపితే 1,02,180.

"పదిహేను శాతం స్లాబులోకి వచ్చాను కదా, మొత్తం మీద పదిహేను పడదా?" అని అడిగాడు. ఈ అనుమానం చాలామందికి ఉంటుంది. ఏ మెట్టు మీద ఉన్న డబ్బుకు ఆ మెట్టు రేటే పడుతుంది. జీతం కాస్త పెరిగి పై స్లాబులోకి వెళ్లినంత మాత్రాన కింద మెట్ల టాక్స్ పెరగదు.

కొత్త స్లాబుల్లో ఒక సౌకర్యం ఉంది. ప్రతి మెట్టుకూ రేటు సరిగ్గా 5 శాతమే పెరుగుతుంది కాబట్టి స్ప్రెడ్‌షీట్‌లో ఐఎఫ్‌లు గుచ్చాల్సిన పని లేదు. `B1` గడిలో టాక్స్ పడే ఆదాయం పెట్టి, `B2`లో ఇది రాయండి:

```
=5%*(MAX(0,B1-400000)+MAX(0,B1-800000)+MAX(0,B1-1200000)+MAX(0,B1-1600000)+MAX(0,B1-2000000)+MAX(0,B1-2400000))
```

రిబేటు, సెస్ కలిపిన చివరి అంకె కోసం `B3`లో:

```
=1.04*MIN(B2,MAX(0,B1-1200000))
```

ఈ రెండో వరసలో ఆ `MIN` ఎందుకో చెప్పాలి. దాని వెనక ఉన్న విషయం తెలియక నష్టపోయేవాళ్లు చాలామందే ఉన్నారు.

12 లక్షల గీత దగ్గర జరిగే వింత

కొత్త విధానంలో టాక్స్ పడే ఆదాయం 12 లక్షలు, అంతకు లోపు ఉంటే 87ఏ రిబేటు కింద 60,000 దాకా మాఫీ అవుతుంది. 12 లక్షల మీద స్లాబు ప్రకారం పడే టాక్స్ సరిగ్గా 60,000 కాబట్టి అక్కడిదాకా సున్నా. జీతానికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12.75 లక్షల దాకా టాక్స్ లేదని అందరూ అనేది దీన్నే. అది నిజమే, కానీ జీతం తప్ప ఇంకే ఆదాయమూ లేనప్పుడే.

ఇప్పుడు మా బావమరిది జీతం 12,75,000 అనుకుందాం. వడ్డీ మాత్రం అదే 30,000. టాక్స్ పడే ఆదాయం 12,30,000 అవుతుంది. గీత దాటాడు కాబట్టి రిబేటు పోయింది. స్లాబు లెక్క ప్రకారం 64,500 కట్టాలి. 30 వేల వడ్డీకి 64 వేల టాక్స్ అంటే అన్యాయం కదా, అందుకే మార్జినల్ రిలీఫ్ అని ఒకటి పెట్టారు. గీత ఎంత దాటితే అంతకు మించి టాక్స్ ఉండదు. అంటే 30,000, దాని మీద సెస్ 1,200, మొత్తం 31,200. వచ్చిన వడ్డీ అంతా పోయి, పైన 1,200 జేబులోంచి కట్టాలన్నమాట.

ఈ ఊరట దాదాపు 12,70,590 దాకా పనిచేస్తుంది. ఆ తర్వాత స్లాబు టాక్సే తక్కువ అవుతుంది కాబట్టి మామూలు లెక్క నడుస్తుంది. పై ఫార్ములాలో `MIN` చేసే పని ఇదే. గీత దగ్గర్లో ఉన్నవాళ్లు ఒక చిన్న ఎఫ్‌డీ వడ్డీని, చివర్లో పడే బోనస్‌ను కూడా వదలకుండా లెక్కలో పెట్టుకోవాలి. ఇంకో మాట, షేర్ల లాభం మీద ప్రత్యేక రేటుతో పడే టాక్స్‌ను ఈ రిబేటు మాఫీ చేయదు.

పాత విధానం: అసలు కష్టం హెచ్‌ఆర్‌ఏ దగ్గర

పాత విధానంలో ప్రతి మినహాయింపుకూ ఒక పరిమితి, ఒక షరతు ఉంటాయి. మనం ఖర్చు పెట్టింది వేరు, లెక్కలోకి వచ్చేది వేరు. ఈ తేడా అన్నిటికంటే ఎక్కువగా కనపడేది ఇంటద్దెలో.

మా వాడు కూకట్‌పల్లిలో నెలకు 22,000 అద్దె కడుతున్నాడు, ఏడాదికి 2,64,000. హెచ్‌ఆర్‌ఏగా కంపెనీ ఇచ్చేది 2,88,000. "అద్దె మొత్తం తీసేయొచ్చు కదా" అన్నాడు. అలా కాదు. మూడు అంకెలు వేసి వాటిలో చిన్నదాన్ని తీసుకోవాలి. మొదటిది, వచ్చిన హెచ్‌ఆర్‌ఏ 2,88,000. రెండోది, బేసిక్‌లో 40 శాతం, ఇక్కడ అదీ 2,88,000. మూడోది, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేయగా మిగిలింది, అంటే 2,64,000 లోంచి 72,000 పోగా 1,92,000. మూడింటిలో చిన్నది 1,92,000. అంతే వస్తుంది. డీఏ ఉన్న ఉద్యోగాల్లో, అది రిటైర్మెంట్ లెక్కలకు కలిసేదైతే బేసిక్‌తో పాటు దాన్నీ కలిపి ఈ శాతాలు వేయాలి.

రెండో అంకె దగ్గర హైదరాబాద్ వాళ్లు తరచుగా పొరబడతారు. ఊరు ఎంత పెద్దదైనా 2025-26 లెక్కకు 50 శాతం వర్తించేది ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాద్, బెంగళూరు, విశాఖ అన్నీ 40 శాతం కిందే. అయినా మామూలు జీతగాళ్లలో ఎక్కువమందికి చివరికి అంకెను తేల్చేది మూడోదే, అంటే అద్దె. బేసిక్ ఎక్కువగా ఉండి అద్దె తక్కువగా ఉన్నవాళ్లకు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కరిగిపోతుంది. ఏడాది మధ్యలో ఇల్లు మారినా, బేసిక్ పెరిగినా మొత్తం కలిపి ఒకేసారి వేయకుండా మారకముందు నెలలకు, మారిన తర్వాత నెలలకు విడివిడిగా వేసి కూడాలి.

ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. ఓనర్ ఇవ్వనంటే ఈ మినహాయింపు జీతంలో చూపించడానికి ఆఫీసు ఒప్పుకోదు. ఆ మాట ఇల్లు తీసుకునే రోజే మాట్లాడుకోవడం మంచిది. మార్చిలో అడిగితే ఓనర్ మొహం మారిపోతుంది.

ఇక మిగతావి త్వరగా చూద్దాం. పొదుపులకు, కొన్ని ఖర్చులకు మినహాయింపు ఇచ్చే 80సీ సెక్షన్ కింద అతనికి పీఎఫ్ 86,400, ఎల్‌ఐసీ 24,000, పీపీఎఫ్ 30,000, పాప స్కూలు ట్యూషన్ ఫీజు 45,000 ఉన్నాయి. కూడితే 1,85,400. కానీ పరిమితి 1,50,000. అంటే 35,400 ఎందుకూ పనికిరాలేదు. ఇక్కడ చూడాల్సిందేమిటంటే పీఎఫ్ ఒక్కటే సగానికి పైగా నింపేసింది. పీఎఫ్ కోస్తున్న సంగతి మరిచిపోయి, టాక్స్ కోసమని ఫిబ్రవరిలో ఏజెంటు తెచ్చిన పాలసీ మీద సంతకం పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. స్కూలు ఫీజులో కూడా ట్యూషన్ భాగమే వస్తుంది. బస్సు, పుస్తకాలు, డొనేషన్ లాంటివి రావు. రసీదులో విడివిడిగా రాసి ఉందో లేదో చూసుకోవాలి.

హెల్త్ పాలసీలకు వర్తించే 80డీ కింద భార్యాబిడ్డలతో కలిపి తన పాలసీ 21,500. పరిమితి 25,000 కాబట్టి మొత్తం వస్తుంది. తల్లిదండ్రుల్లో నాన్నకు అరవై దాటాయి, వాళ్ల పాలసీకి కట్టిన 32,000 కూడా 50,000 పరిమితిలోనే ఉంది. కలిపి 53,500. ప్రీమియం నగదుగా కడితే మాత్రం లెక్కలోకి రాదు. సేవింగ్స్ వడ్డీ 6,000కు 80టీటీఏ కింద మినహాయింపు ఉంది, ఎఫ్‌డీ వడ్డీకి లేదు.

ఇప్పుడు అన్నీ వరసగా పేర్చుదాం.

జీతం 15,00,000 లోంచి హెచ్‌ఆర్‌ఏ 1,92,000 తీస్తే 13,08,000. స్టాండర్డ్ డిడక్షన్ పాత విధానంలో 50,000 మాత్రమే. ప్రొఫెషనల్ టాక్స్ 2,400 కూడా తీస్తే 12,55,600. వడ్డీ 30,000 కలిపితే 12,85,600. ఇందులోంచి 80సీ 1,50,000, 80డీ 53,500, 80టీటీఏ 6,000 పోగా మిగిలేది 10,76,100. టాక్స్ పడేది దీని మీద.

పాత స్లాబులు మీకు తెలిసినవే. 2.5 లక్షల దాకా లేదు, 5 లక్షల దాకా 5 శాతం, 10 లక్షల దాకా 20, ఆపైన 30. 5 నుంచి ఒక్కసారిగా 20కి, ఆ తర్వాత 30కి ఎగరడమే ఇందులో దెబ్బ. 12,500, దానికి 1,00,000, పైన 76,100 మీద 22,830. మొత్తం 1,35,330. సెస్ కలిపి, పదుల్లోకి సవరిస్తే 1,40,740.

ఆదాయం `B1`లో ఉంటే పాత విధానానికి ఒకే వరస చాలు. 5 లక్షల లోపు ఉన్నవాళ్లకు రిబేటు వల్ల సున్నా అవుతుంది, అదీ ఇందులో ఉంది:

```
=1.04*IF(B1<=500000,0,5%*MAX(0,B1-250000)+15%*MAX(0,B1-500000)+10%*MAX(0,B1-1000000))
```

పాత విధానంలో 5 లక్షల గీత దగ్గర మార్జినల్ రిలీఫ్ లేదు. పది రూపాయలు దాటినా 12,500 టాక్స్ నెత్తిన పడుతుంది.

కొత్తలో 1,02,180. పాతలో 1,40,740. ఇన్ని ప్రూఫులు పోగేసినా పాత విధానంలో 38,560 ఎక్కువ కట్టాలి. మా వాడు కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇంకెంత ఉంటే పాతది గెలుస్తుంది?

ఎక్కువమంది ఇక్కడితో ఆపేస్తారు. నా మటుకు నాకు అసలు ఉపయోగపడే లెక్క దీని తర్వాతదే. పాత విధానం కొత్తదానితో సమానం కావాలంటే ఇంకా ఎంత మినహాయింపు కావాలో వెనక నుంచి వేయాలి.

సెస్ కలపకముందు కొత్త విధానం టాక్స్ 98,250. పాత స్లాబుల్లో ఇంతే టాక్స్ ఏ ఆదాయం మీద పడుతుంది? అందులోంచి మొదటి 12,500 తీసేస్తే 85,750. అది 20 శాతం మెట్టు మీద పడింది కాబట్టి 0.2తో భాగిస్తే 4,28,750. దానికి 5 లక్షలు కలిపితే 9,28,750. అంటే పాత విధానంలో టాక్స్ పడే ఆదాయం 9,28,750కి దిగితే రెండూ సమానం. అతనిది ఇప్పుడు 10,76,100. ఇంకా 1,47,350 కావాలి. కొత్త విధానం టాక్స్ 1,12,500 దాటితే మాత్రం అంతవరకు తీసేసి, మిగిలినదాన్ని 0.3తో భాగించి 10 లక్షలు కలపాలి.

ఈ 1,47,350 చేతిలో ఉంటే మాటలన్నీ అంకెల్లోకి వస్తాయి. "ఎన్‌పీఎస్‌లో 50,000 వేస్తాను, 80సీసీడీ(1బీ) కింద వస్తుంది కదా" అన్నాడు. వస్తుంది. దాంతో పాత విధానం టాక్స్ 15,600 తగ్గుతుంది. కానీ లోటు ఇంకా 97,350 మిగిలే ఉంటుంది. 50,000 రిటైర్మెంట్ దాకా కట్టేసుకుని కూడా కొత్తదానికంటే ఎక్కువే కట్టాలి. రిటైర్మెంట్ కోసం ఎన్‌పీఎస్ వేసుకుంటే అది వేరే మాట. ఈ లెక్క గెలవడానికైతే దండగ.

ఇంటి లోన్ ఉంటే కథ మారుతుంది. ఉదాహరణకు తల్లిదండ్రులు ఉంటున్న విజయవాడ ఇల్లు ఇతని పేరు మీదే ఉండి, ఆ లోన్ వడ్డీ ఏడాదికి 2 లక్షలకు తక్కువ కాకుండా కడుతున్నాడనుకుందాం. ఉద్యోగం హైదరాబాద్‌లో కాబట్టి ఇక్కడ అద్దెకు హెచ్‌ఆర్‌ఏ, అక్కడి ఇంటికి సెక్షన్ 24(బీ) కింద 2 లక్షల వడ్డీ రెండూ తీసుకోవచ్చు. ఆదాయం 8,76,100కి దిగుతుంది. టాక్స్ 12,500, దానికి 75,220, సెస్‌తో కలిపి 91,230. అప్పుడు పాతదే 10,950 లాభం. ఈ జీతంలో అద్దె, ఇంటి లోన్ రెండూ ఉన్నవాళ్లకే పాత విధానం ఇంకా నిలబడుతోందని నాకు కనపడుతోంది. రెండింటిలో ఒకటే ఉంటే సాధారణంగా కొత్తదే గెలుస్తుంది.

కొత్త విధానంలో కంపెనీ ఎన్‌పీఎస్ వాటా గురించి చెబుతానన్నాను. కంపెనీ ఒప్పుకుంటే స్పెషల్ అలవెన్స్‌లో కొంత భాగాన్ని మన ఎన్‌పీఎస్ ఖాతాలోకి తన వాటాగా మళ్లిస్తుంది. కొత్త విధానంలో బేసిక్‌లో 14 శాతం దాకా, అంటే ఇతనికి 1,00,800 దాకా ఆదాయంలోంచి తీసేయొచ్చు. 15 శాతం మెట్టు మీద ఉన్నాడు కాబట్టి సెస్‌తో కలిపి 15,725 దాకా ఆదా. ప్రైవేటు కంపెనీల్లో పాత విధానానికి ఈ పరిమితి 10 శాతమే. డబ్బు మాత్రం చేతికి రాదు, పెన్షన్ ఖాతాలో ఉంటుంది. నెల ఖర్చులకు ఇబ్బంది లేనివాళ్లే దీని జోలికి వెళ్లాలి.

ఆఫీసు లెక్కకు, మీ లెక్కకు తేడా వస్తే

ఆఫీసు ప్రతి నెలా కోసే టీడీఎస్ వాళ్ల దగ్గరున్న వివరాల మీదే ఆధారపడుతుంది. మీరు ఏ విధానమో చెప్పకపోతే కొత్తదే తీసుకుంటారు. మా వాడి కొత్త విధానం లెక్కలో ఆఫీసుకు వడ్డీ సంగతి తెలియదు కాబట్టి 14,25,000 మీదే 97,500 కోస్తుంది. మన లెక్క 1,02,180. తేడా 4,680 సరిగ్గా ఆ 30,000 వడ్డీ మీద పడే టాక్సే. రిటర్న్ వేసేటప్పుడు కట్టేస్తే సరిపోతుంది. టీడీఎస్ పోగా మిగిలిన బాకీ 10,000 లేదా అంతకు మించి ఉంటేనే ముందుగా అడ్వాన్స్ టాక్స్ కట్టాల్సి వస్తుంది. అంత ఉన్నా కట్టకపోతే వడ్డీ పడుతుంది.

మీ అంకెకు, జీతం, టీడీఎస్ వివరాలతో ఆఫీసు ఇచ్చే ఫారం 16లోని అంకెకు పొంతన కుదరకపోతే మొదట పార్ట్ బీలో మూడు చోట్ల చూడండి. ఏ విధానం అని రాశారు, హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఎంత ఒప్పుకున్నారు, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 వేశారా 50,000 వేశారా. నేను చూసినంతవరకు తేడాలు ఎక్కువగా ఈ మూడింటిలోనే దొరుకుతాయి.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లకు ఇంకో గుంట ఉంది. నేనూ ఒకసారి అందులో పడ్డాను. పాత ఆఫీసు జీతం వివరాలు కొత్త ఆఫీసుకు ఇవ్వలేదు. రెండు ఆఫీసులూ ఎవరికి వాళ్లు స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చేశాయి, ఎవరికి వాళ్లు కింది స్లాబుల లాభం కూడా ఇచ్చేశాయి. నెలనెలా కోత తక్కువగా ఉందని సంతోషపడ్డాను. జూలైలో రెండు ఫారం 16లు కలిపి లెక్క వేస్తే బాకీ, దాని మీద వడ్డీ కలిసి ఒక నెల జీతంలో మంచి ముక్కే పోయింది. మారిన వెంటనే ఫారం 12బీ నింపి కొత్త ఆఫీసుకు ఇస్తే ఈ బాధ ఉండదు.

ఏప్రిల్‌లో పాత విధానం అని ఆఫీసుకు చెప్పేశాం, ఇప్పుడెలా అని టెన్షన్ పడనక్కర్లేదు. మా బావమరిది చేసింది సరిగ్గా అదే. ఆఫీసు అతని ప్రూఫులు ఒప్పుకుని పాత లెక్క ప్రకారం కోస్తే దాదాపు 1,33,260 అవుతుంది. వ్యాపార ఆదాయం లేని జీతగాడు రిటర్న్ వేసేటప్పుడు విధానం మార్చుకోవచ్చు, వేరే ఫారం ఏదీ పెట్టనక్కర్లేదు. అతను కొత్తది ఎంచుకుంటే వడ్డీ మీద టాక్స్ కూడా పోను దాదాపు 31,000 రీఫండ్ వస్తుంది. తిరగేసి, కొత్తలోంచి పాతకు వెళ్లాలంటే మాత్రం గడువు లోపలే రిటర్న్ వేయాలి. జీతగాళ్లకు అది మామూలుగా జూలై 31. గడువు దాటి వేస్తే పాత విధానం ఎంచుకునే అవకాశం పోతుంది, ఇంటి లోన్ ఉన్నవాడైనా సరే కొత్త లెక్క ప్రకారమే కట్టాలి.

అంతా అయ్యాక మా వాడు అడిగిన చివరి ప్రశ్న, "మరి ఆ ఏజెంటు పాలసీ వద్దని చెప్పేయనా బావా?" అని. 80సీ అప్పటికే 35,400 పొంగిపోయింది, పైగా కొత్త విధానంలో 80సీయే లేదు. ఫోన్ తీసి అప్పుడే చెప్పేశాడు.